ఒక్క 'క' వినబడకపోతే

అందరికీ నమస్కారమండి. నన్ను పిలిచినవాళ్లు "మిషన్ల దగ్గర దుబాసీ పనిలో సాంకేతిక పదాలు" అని విషయం ఇచ్చారు. పదాల గురించి చెబుతాను గానీ, ఎక్కువసేపు చెప్పను. ఎందుకంటే భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత మిల్లుల్లో, తణుకు వైపు రైసు మిల్లుల్లో నేను ఈ పని చేసినన్నాళ్లూ పదాల వల్ల పెద్దగా ఇబ్బంది పడలేదు. ఇబ్బంది పడింది క్రియ చివర్ల దగ్గర. "తెరవండి", "తెరవకండి" — ఈ రెండింటికీ తేడా ఒక్క 'క'. హాల్లో కూర్చుని వింటే ఆ తేడా స్పష్టంగానే ఉంది. పక్కన హ్యామర్ మిల్లు తిరుగుతుంటే, చెవులకు మఫ్ పెట్టుకున్న మనిషికి మూడడుగుల దూరం నుంచి చెప్పి చూడండి. ఆ 'క' గాలికి పోతుంది.

మీలో కొందరు పాలిటెక్నిక్ పిల్లలు, కొందరు ఇంగ్లీషు డిగ్రీ చదివినవాళ్లు. నేను మెకానికల్ డిప్లొమా చేసి, ఇంగ్లీషు కాస్త ధైర్యంగా మాట్లాడతాననే ఒక్క కారణంతో ఈ పనిలో పడ్డాను. నేర్పినవాళ్లు లేరు. అందుకే పాఠంలా కాకుండా ఒకే ఒక్క మిషన్ దగ్గర నాలుగు రోజుల్లో జరిగింది చెబుతాను.

అది రొయ్యల మేత తయారుచేసే పెల్లెట్ మిల్లు. చూడనివాళ్ల కోసం: మందంగా, కంకణంలా ఉండే ఉక్కు రింగు ఒకటి ఉంటుంది. దాని చుట్టూ వేల సన్న రంధ్రాలు. మేత సైజును బట్టి ఒక్కో రంధ్రం రెండు మిల్లీమీటర్లు, అటూ ఇటూ. దాన్ని డై అంటారు. డై లోపల రెండు రోలర్లు ఉంటాయి. ఆవిరి పట్టించిన పిండి లోపల పడితే, తిరిగే డైకీ రోలర్‌కీ మధ్య నలిగి ఆ రంధ్రాల్లోంచి జంతికల్లాగా బయటికి వస్తుంది. బయట కత్తి దాన్ని ముక్కలు చేస్తుంది. జంతికల గొట్టం చూసిన ఎవరికైనా సగం మిషన్ అర్థమైపోయినట్టే.

దాన్ని నిలబెట్టి మొదటిసారి నడిపించడానికి జర్మన్ మాట్లాడే ఇంజనీరు ఒకాయన వచ్చాడు. మనవైపు ఒక పెద్ద ఫిట్టరు గారు, ఇద్దరు కుర్ర టెక్నీషియన్లు, బాయిలర్ చూసే ఆయన, ఎలక్ట్రీషియన్. ఫిట్టరు గారిని అందరూ బాబాయ్ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఇంజనీరుకి ఇంగ్లీషు రెండో భాష. నాకూ రెండో భాషే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

పదాల పని మొదటిరోజు సాయంత్రమే అయిపోయింది. ఇంజనీరు హోటల్‌కి వెళ్లాక బాబాయ్‌తో కలిసి మిషన్ చుట్టూ తిరిగాను. చేతిలో సుద్దముక్క. "దీన్ని మీరేమంటారు?" అని అడగడం, ఆయన అన్నమాట అక్కడే రాయడం. ఆయన నోట బేరింగ్ బేరింగే, రోలర్ రోలరే, స్పానర్ మాత్రం పానా. నేను ఒక్క తెలుగు పదం కూడా కొత్తగా కల్పించలేదు. కల్పిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను. చదువుకున్న కుర్రాడొకడు వాల్వ్‌ని 'కవాటం' అన్నాడు. అందరూ గుడి తలుపు వైపు చూశారు.

ఆ సాయంత్రం నిజంగా పనికొచ్చింది రెండు మాటలు. ఒకటి 'స్క్రూ'. ఇంజనీరు స్క్రూ అంటే పిండిని నెట్టుకెళ్లే పొడుగాటి మరచుట్టు. బాబాయ్‌కి స్క్రూ అంటే స్క్రూడ్రైవర్‌తో బిగించేది. "స్క్రూ తిరగడం లేదు" అని ఒకరంటే ఇంకొకరు వేరే చోట వెతుకుతారు. దానికి 'ఫీడర్' అని ఒకే మాట ఖాయం చేసుకుని, మర్నాడు ఇంజనీరుకి కూడా చెప్పాను, ఇకమీదట మీరూ ఫీడర్ అనండి అని. రెండోది 'క్లోజ్'. వాల్వ్ క్లోజ్ చేస్తే లోపల ఏమీ పారదు. బ్రేకర్ క్లోజ్ చేస్తే కరెంటు పారుతుంది. ఇంజనీరు "బ్రేకర్ క్లోజ్ చేయండి" అంటే, దాన్ని "మూసెయ్యండి" అని తెలుగులోకి తెచ్చానో, మనవాడు ఆపేస్తాడు. అది ఇంకా నయం. "ఓపెన్" విని "తెరవండి" అన్నానో, కరెంటు తీసెయ్యాల్సిన మనిషి ఆన్ చేసే ప్రమాదం ఉంది. అందుకని బ్రేకర్ విషయంలో నా నోట రెండే మాటలు: ఆన్, ఆఫ్. ఇంజనీరు ఏమన్నా సరే.

ఇక అసలు కథ. రెండోరోజు రోలర్ల సెట్టింగు. రోలర్‌కీ డైకీ మధ్య ఎంత సందు ఉండాలనేది ఈ మిషన్‌కి ప్రాణం. సందు ఎక్కువైతే రోలర్ కింద పిండి జారుతుంది, రంధ్రాల్లోకి దిగదు, కాసేపటికి మిల్లు నిండిపోయి ఆగుతుంది. సందు లేకుండా బిగిస్తే ఇనుము మీద ఇనుము రుద్దుకుని, డై లోపలి ముఖం సుత్తితో కొట్టినట్టు నలిగి రంధ్రాల నోళ్లు పూడుకుపోతాయి. కొత్త డై అంటే లక్షల్లో మాట.

ముందు మెయిన్ బ్రేకర్ ఆఫ్ చేసి తాళం వేశారు. తాళంచెవి బాబాయ్ జేబులో. డై దగ్గర చేతులు పెట్టే పని కాబట్టి, ఆ తాళంచెవి ఆయన జేబులో పడేదాకా నేను నోరు మెదపలేదు. తర్వాత ఇంజనీరు మొదలుపెట్టాడు. ఆయన అన్నది దాదాపు ఇది: రోలర్‌ని దగ్గరికి తెండి, అది డైని 'కిస్' చేయాలి, తిరగాలి, కానీ ఎప్పుడూ తిరగకూడదు.

బాబాయ్ నా మొహం చూశాడు. నేను ఇంజనీరు మొహం చూశాను. 'కిస్' సంగతి తేలిక. మనకి బంగారంలాంటి మాట ఉంది: తాకీ తాకనట్టు. అది చెప్పగానే బాబాయ్ తలూపాడు. కానీ "తిరగాలి, ఎప్పుడూ తిరగకూడదు" అన్నది? దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెట్టేసి నా పనైపోయిందనుకోవచ్చు. వాక్యం తప్పు కాదు, అర్థం లేదు, అంతే. ఇలాంటి చోట నేను ఊహించి పూరించను. నాకు మిషన్ కొంచెం తెలుసు కాబట్టి ఆ టెంప్టేషన్ ఎక్కువ. అయినా ఊహించను. ఊహ తప్పైతే అది ఇంజనీరు మాటగా చెలామణీ అవుతుంది, ఆయనకి తెలియకుండానే.

బాబాయ్‌తో ముందు చెప్పాను: "ఆయన చెప్పింది నాకే అర్థం కాలేదు బాబాయ్, అడుగుతున్నాను ఉండండి." ఈ ఒక్క ముక్క చెప్పకుండా ఇంజనీరుతో ఇంగ్లీషులోకి దిగితే, మనవాళ్లు వీళ్లిద్దరూ ఏదో దాచి మాట్లాడుకుంటున్నారనుకుంటారు. తర్వాత ఇంజనీరుని "కొంచెం వివరంగా చెప్పండి" అని అడగలేదు. అలా అడిగితే అదే వాక్యాన్ని ఇంకాస్త గట్టిగా చెబుతారు, నా అనుభవంలో నూటికి తొంభై మంది అంతే. కంటికి కనబడేది అడిగాను: "డైని చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పితే రోలర్ ఎంత తిరగాలి? చుట్టంతానా, కొంతమేరా?"

అప్పుడు బయటపడింది. డై ఎంత బాగా చేసినా లోపలి ముఖం మీద ఒకచోట వెంట్రుకవాసి ఎత్తు, ఒకచోట పల్లం ఉంటుంది. ఎత్తు వచ్చినప్పుడు అది రోలర్‌ని తాకి తిప్పుతుంది. పల్లం వచ్చినప్పుడు రోలర్ ఆగిపోతుంది. చుట్టు మొత్తం మీద అక్కడక్కడ తిరిగి అక్కడక్కడ ఆగితే సెట్టింగు కుదిరినట్టు. చుట్టంతా తిరిగితే బిగువెక్కువ. అసలు తిరక్కపోతే వదులెక్కువ. "ఎప్పుడూ తిరగకూడదు" అన్నది "అన్నివేళలా తిరుగుతూ ఉండకూడదు" అని. ఇంగ్లీషు 'ఆల్వేస్' ముందు 'నాట్' పెడితే వచ్చే అర్థం వేరు, తెలుగులో 'ఎప్పుడూ' పక్కన 'కూడదు' పెడితే వచ్చే అర్థం వేరు. తెలుగులో అది పూర్తి నిషేధం అయిపోతుంది.

బాబాయ్‌కి చెప్పాను: "చుట్టులో కొంతమేర తిరిగి, కొంతమేర ఆగాలట." ఆయన ఇంకో మాట మాట్లాడకుండా ఇద్దరు కుర్రాళ్లని డై తిప్పమని, తను పానా పట్టుకుని రోలర్ కొంచెం కొంచెంగా జరిపాడు. పావుగంటలో మొదటి రోలర్ అయిపోయింది. లాక్ నట్టు బిగించాక మళ్లీ తిప్పి చూడమని ఇంజనీరు చెప్పేలోపే బాబాయ్ తిప్పి చూస్తున్నాడు. నట్టు బిగిస్తే సెట్టింగు కాస్త కదులుతుందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక్కడ అంకెల గురించి ఒక్క మాట. రెండో రోలర్ దగ్గర ఇంజనీరు, మందం అంకె వేసిన సన్న రేకుల గుత్తి లాంటి ఫీలర్ గేజ్‌తో సందు కొలిచి చూపించాడు. "టూ టెన్త్స్" అన్నాడు. ఆయన లెక్క మిల్లీమీటర్లో రెండు పదోవంతులు, అంటే 0.2 మిల్లీమీటరు. బాబాయ్ తరం ఫిట్టర్లు థౌలో ఆలోచిస్తారు, అంటే అంగుళంలో వెయ్యోవంతు. ఆయన చెవికి 'టూ' ఒక్కటే ఆనింది. రెండు థౌ రేకు తీశాడు. రెండు థౌ అంటే 0.05 మిల్లీమీటరు, కావలసినదాంట్లో నాలుగోవంతు. 0.2 అంటే ఆయన భాషలో ఇంచుమించు ఎనిమిది థౌ. అప్పట్నుంచి నేను అంకెని గాల్లో వదలను. పలక మీద రాసి, యూనిట్ పక్కన పెట్టి, ఇద్దరికీ చూపించి, రేకు మీద ఉన్న అంకెని ఇద్దరి వేళ్లతోనూ తాకించేదాకా ముందుకు వెళ్లను. నా సంచిలో ఇప్పటికీ చిన్నపిల్లల పలక ఉంటుంది. ఎయిర్‌పోర్టులో ఒకసారి నవ్వారు కూడా.

మూడోరోజు ఆవిరి. నేను తప్పు చేసింది ఆ రోజే.

పిండికి ఆవిరి పట్టించడానికి బాయిలర్ నుంచి పైపు వస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న పైపులో ఆవిరి చల్లారి నీరై అడుగున నిలుస్తుంది. ఆ నీరు తియ్యకుండా ఒక్కసారి ఆవిరి వదిలితే, వేగంగా వచ్చే ఆవిరి ఆ నీటిని ముద్దలా తోసుకుపోయి మొదటి మలుపులో గోడకి కొట్టినట్టు కొడుతుంది. వాటర్ హ్యామర్ అంటారు. పైపుల్ని కలిపే ఫ్లాంజీలు లీకవుతాయి, ఒక్కోసారి పగులుతాయి, మనుషులు కాలిపోతారు. అందుకే ముందు డ్రెయిన్ తెరిచి నీరు పోనివ్వాలి. తర్వాత ఆవిరి వాల్వ్ చక్రాన్ని కొద్దిగా, పావు చుట్టు తిప్పి, పైపు వేడెక్కేదాకా ఆగాలి. డ్రెయిన్ దగ్గర నీళ్లు మానేసి పొడి ఆవిరి వస్తేనే నెమ్మదిగా మిగతాది తెరవాలి.

ఇంజనీరు ప్యానెల్ ముందు నిలబడి, "ఓపెన్ ద స్టీమ్, వెన్ ద కండెన్సేట్ ఈజ్ డ్రెయిన్డ్" అన్నాడు. మామూలు ఇంగ్లీషు వాక్యం. పని ముందు, షరతు వెనక. తెలుగులో ఇది తలకిందులు. "నీరంతా పోయాక ఆవిరి తెరవండి" — షరతు ముందు, పని చివర. కాబట్టి నేను ఆయన వాక్యం పూర్తయ్యేదాకా నోరు తెరవలేను. ఆయన చివరిమాట విన్నాకే నా మొదటిమాట. నేను ఆగాను. అంతవరకూ బాగానే ఉంది.

కుర్ర టెక్నీషియన్ ఆగలేదు. వాడికి ఇంగ్లీషు కొంచెం వచ్చు. "ఓపెన్ ద స్టీమ్" అర్థమైంది. చెయ్యి వాల్వ్ చక్రం మీదే ఉంది. నేను "నీరంతా" అనేసరికి రెండు చుట్లు తిప్పేశాడు. పైపు ఠంగ్ ఠంగ్ మని మోగి, పైన సపోర్టు ఊగింది. బాయిలర్ ఆయన "మూసెయ్, మూసెయ్!" అని కేకేసి తనే పరిగెత్తి మూశాడు. ఒక ఫ్లాంజీ దగ్గర గ్యాస్కెట్ పోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ పూట పని ఆగిపోయింది.

ఇంజనీరుకి కోపం వచ్చింది, కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. కానీ వాడి తప్పేముందండి? వాడు చురుకైనవాడు, విన్నది చేశాడు. సగం ఇంగ్లీషు వచ్చిన టెక్నీషియన్ దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ. అసలు రానివాడు నా మాట కోసం ఆగుతాడు. పూర్తిగా వచ్చినవాడు వాక్యం చివరిదాకా వింటాడు. మధ్యవాడికి క్రియ చేరుతుంది, షరతు చేరదు. ఇది నేను ముందే చూసుకోవాల్సింది. రెండు రోజులుగా వాడు నాకంటే ముందే పానా అందిస్తుంటే మెచ్చుకున్నాను కూడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందర్నీ బయట చెట్టుకింద కూర్చోబెట్టి ఒక ఒప్పందం పెట్టాను. ఇంజనీరు నోట ఏం విన్నా, అర్థమైనా కాకపోయినా, చెయ్యి కదలకూడదు. నా తెలుగు పూర్తయ్యాక నేను "కానివ్వండి" అంటాను. ఆ మాట వినబడితేనే చెయ్యి కదలాలి. అదే మాట ఎందుకంటే, మామూలు సూచనల్లో అది రాదు, పొరపాటున దొర్లదు. దానితో పాటు బొటనవేలు పైకెత్తుతాను. వేలు ఎత్తకపోతే మాట విన్నా చేయొద్దు. ఆపడానికి మాత్రం నా అనుమతి అక్కర్లేదు. ఎవరైనా, ఎప్పుడైనా రెండు చేతులూ పైకెత్తి ఆపొచ్చు.

ఇంజనీరుతో విడిగా మాట్లాడాను. ఒక్కసారికి ఒక్క పనే చెప్పండి, షరతు ముందు చెప్పండి, "ఫస్ట్... దెన్..." అనండి అన్నాను. ఆయన మంచివాడే, ఒప్పుకున్నాడు. అరగంట పాటించి మళ్లీ పాత దారిలో పడ్డాడు. పడతారు, అది సహజం. ఎవరి వాక్యాన్నీ మనం శాశ్వతంగా మార్చలేం. కానీ "కానివ్వండి" ఒప్పందం మన చేతిలో ఉంది, అది నిలబడింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన 'క' దగ్గరికి వస్తాను. వద్దని చెప్పాల్సినచోట నేను "తెరవకండి" అనడం మానేశాను. వ్యాకరణానికి అది నిక్షేపంలాంటి మాట. మిల్లులో మాత్రం పనికిరాదు. నిషేధం ఉందన్న సంగతి వాక్యం చివర ఒక్క అక్షరంలో దాచిపెట్టకూడదు, ముందుకు తేవాలి. "ఆగండి. వాల్వ్ జోలికి వెళ్లొద్దు." మొదటి మాట విన్నా చాలు, మిగతాది వినబడకపోయినా ప్రాణం పోదు. ఇంకా మంచిదేమిటంటే వద్దన్నదాన్ని వదిలేసి చేయాల్సినదాన్ని చెప్పడం. "చక్రం మీంచి చెయ్యి తియ్యండి." ఇందులో పోవడానికి 'క' లేదు.

రొద ఉన్నచోట అసలు వివరణే పెట్టుకోకూడదు. వివరణ బయట, పని లోపల. చెట్టుకింద పలక మీద బొమ్మ గీసుకుని మొత్తం వరస ఒకసారి చెప్పుకుని, లోపలికి వెళ్లాక సైగలు, కానివ్వండి, అంతే. మిషన్ పక్కన నిలబడి అరుచుకునే దుబాసీని చూస్తే పని బాగా జరుగుతున్నట్టు కనబడుతుంది గానీ, అక్కడ సగం మాటలు ఎవరికీ చేరవు.

ఇంజనీరు ఇంగ్లీషు ఆయన సొంత భాష కాదన్నాను కదా. జర్మన్ మాట్లాడేవాళ్ల ఇంగ్లీషులో కొన్ని మాటలు బయటికి ఇంగ్లీషు, లోపల జర్మన్. మోటారు "రన్ రౌండ్" కావాలన్నాడు ఒకసారి. "గుండ్రంగానే తిరుగుతోంది కదండీ" అన్నాడు ఎలక్ట్రీషియన్. జర్మన్‌లో గుండ్రంగా నడవడం అంటే కుదుపు లేకుండా నడవడం. "ఏం చూస్తే అది రౌండ్ అని తెలుస్తుంది?" అని అడిగితే ప్యానెల్ మీద కరెంటు చూపించాడు. ముల్లు ఒకచోట నిలకడగా ఉండాలి, ఊగకూడదు. ఊగుతోందంటే రోలర్ కింద మేత ఒకసారి పట్టి ఒకసారి జారుతోందన్నమాట. "కంట్రోల్ ద ఆయిల్" అంటే ఆయిల్‌ని అదుపు చేయమని కాదు, ఆయిల్ ఉందో లేదో చూడమని. "ఎవెంచువల్లీ" అంటే ఎప్పటికైనా కాదు, అవసరమైతే.

ఇవి నవ్వుకునేవి. నవ్వుకోలేనిది ఒకటుంది: 'మస్ట్ నాట్'. నాలుగోరోజు గ్రీజు గురించి చెబుతూ, గ్రీజు పెట్టడానికి "యూ మస్ట్ నాట్ స్టాప్ ద మిషన్" అన్నాడు. ఇంగ్లీషు పాఠం ప్రకారం అది "ఆపకూడదు". కానీ జర్మన్‌లో అదే పోలికలో ఉండే మాటకి "ఆపనవసరం లేదు" అని అర్థం. ఇంగ్లీషులో ఆ వాక్యం వింటే ఆయన ఏ అర్థంలో అన్నాడో తేలదు. తెలుగులో మాత్రం నేను తేల్చుకోక తప్పదు. 'ఆపకూడదు' వేరు, 'ఆపక్కర్లేదు' వేరు. రెండింటినీ కలిపి చెప్పే గోడమీద పిల్లి మాట మనకి లేదు. నిజానికి ఇది మన భాష చేసిన మేలు, నోరు తెరిచే ముందే అడగాల్సి వస్తుంది.

"ఆపితే నష్టమా, లేక ఆపకపోయినా ఫర్వాలేదా?" అని అడిగాను. ఆపకపోయినా ఫర్వాలేదు, గ్రీజు గొట్టం బయటికి తెచ్చి ఉంది కాబట్టి నడుస్తుండగానే పంపు కొట్టొచ్చు అన్నాడు. నేను "ఆపకూడదు" అని చెప్పి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. రాత్రి షిఫ్టు కుర్రాడికి గొట్టం మూసుకుపోయి, లోపలికి చెయ్యి పెట్టాల్సి వచ్చినా, ఇంజనీరు ఆపకూడదన్నాడు కదా అని తిరిగే మిషన్‌లోనే చెయ్యి పెడతాడు. నా ఒక్క ముక్క గోడమీద బోర్డుగా మారిపోతుంది, ఇంజనీరు విమానం ఎక్కాక కూడా.

ఇంక 'ఆయ్' సంగతి. మన గోదావరి జిల్లాలవాళ్లం కదా, ఎవరేం చెప్పినా "ఆయ్" అంటాం. "ఆయ్, అలాగేనండి." అది విన్నానన్న మర్యాద. అర్థమైందని కాదు, ఒప్పుకున్నానని అంతకన్నా కాదు. ఇంజనీరుకి తల ఊపడం, ఆయ్ అనడం రెండూ కలిపి పూర్తి అంగీకారంలా కనబడతాయి. "దే అండర్‌స్టాండ్?" అని నన్ను అడుగుతాడు. దానికి నేను అవునని చెప్పను. నాకెలా తెలుస్తుంది? చేసి చూపించేవాళ్లకే తెలుస్తుంది.

అయితే బాబాయ్ వయసు మనిషిని "ఏం అర్థమైందో చెప్పండి" అని అడిగితే బడిపిల్లాడిని అడిగినట్టుంటుంది. నొచ్చుకుంటారు. నొచ్చుకుని ఇంకా గట్టిగా ఆయ్ అంటారు. నేనిలా అడుగుతాను: "బాబాయ్, నేను సరిగ్గా చెప్పానో లేదో ఆయన దగ్గర అప్పజెప్పాలి. మీరు చేసే వరస ఓసారి చెప్పండి, ఆయనకి వినిపిస్తాను." పరీక్ష నాకు, ఆయనకి కాదు. అప్పుడు నిర్మొహమాటంగా చెబుతారు. మిల్లు ఆపే వరస అలా చెప్పించినప్పుడు బాబాయ్ అన్నాడు: ముందు ఆవిరి ఆపుతాను, తర్వాత ఫీడర్ ఆపుతాను, డై ఖాళీ అయ్యాక మోటారు ఆపుతాను. అది ఇంజనీరుకి వినిపించగానే చెయ్యెత్తాడు. ఖాళీగా ఆపొద్దు. ఆఖర్న నూనె కలిపిన పిండి వేసి, ఆ నూనె మేత రంధ్రాల్లో నిండాకే ఆపాలి. లేకపోతే రంధ్రాల్లో మిగిలిన మేత ఎండి రాయైపోతుంది, మర్నాడు డ్రిల్లు పెట్టి ఒక్కో రంధ్రం తవ్వుకోవాలి. ఆ ముక్క ఆయన పొద్దున చెప్పాడు, నేనూ చెప్పాను, బాబాయ్ ఆయ్ అన్నాడు. మిషన్ రొదలో అది ఎక్కడో జారిపోయింది. ఆ ఒక్క అప్పజెప్పడం వల్ల దొరికింది.

ప్రశ్న కూడా జాగ్రత్తగా తిప్పాలి. "గార్డు బిగించలేదా?" అని ఇంజనీరు అడిగాడనుకోండి. మనవాడు "ఆయ్" అంటాడు, అంటే అవును, బిగించలేదు అని. దాన్ని 'యెస్' అని చెబితే ఆయన బిగించారనుకోవచ్చు. నేను లేదా, కాదా ఉన్న ప్రశ్నల్ని తీసేసి "గార్డు ఉందా?" అని అడుగుతాను, జవాబుని పూర్తి వాక్యంగా ఇస్తాను: గార్డు లేదు.

వెనక వరసలో ఒకమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా. ...మైకు లేదు, నేనే మళ్లీ చెబుతాను: "మాటిమాటికీ అడ్డుపడి అడుగుతుంటే ఇంజనీరుకి విసుగు రాదా, దుబాసీకి ఏమీ రాదనుకోరా?" అంటోంది.

వస్తుందమ్మా, అనుకుంటారు కూడా. అందుకే మొదటి రోజు పని మొదలవకముందే, టీ తాగుతున్నప్పుడు ఇంజనీరుతో చెప్పేస్తాను. నేను రోజుకి చాలాసార్లు ఆపుతాను, ఆపినప్పుడల్లా కారణం చెబుతాను, మీరు గంటలో అయిపోతుందనుకున్న పనికి రెండు గంటలు రాసుకోండి అని. మేనేజరు గారికి కూడా అదే మాట, ఇంజనీరు ఎదుటే. ఇంకోటి, నాకు అలసట వచ్చినప్పుడు చెప్పేస్తాను. పెద్ద సభల్లో వెంటవెంటనే అనువదించేవాళ్లు అరగంటకోసారి మనిషిని మార్చుకుంటారు. నాకు మార్చుకోవడానికి మనిషి లేడు, కాబట్టి ముప్పావుగంటకోసారి మిషన్ దగ్గర్నుంచి పది నిమిషాలు బయటికి వస్తాను. అలసిపోయినప్పుడు మనం ముందుగా వదిలేసేది ఆ చిన్న చివర్లనే, దాకా, కూడదు, అక్కర్లేదు. పెద్ద పదాలు అప్పుడు కూడా ఠంచనుగానే పలుకుతాం, అందుకే తప్పు జరుగుతోందని మనకే తెలియదు. ఆ పెల్లెట్ మిల్లు ఇంజనీరు రెండో రోజు నా మీద చిరాకుపడ్డాడు. గ్యాస్కెట్ పోయిన మర్నాటి నుంచి, నేను అడ్డుపడకముందే వాక్యం మధ్యలో తనే ఆగి నా బొటనవేలు వైపు చూసేవాడు.